ఆ కాలమ్ ఎప్పుడు నిండుతుంది?

2018 ఫిబ్రవరిలో, ఒహాయోలో ఒక హాస్పిటల్ గ్రూపులో డేటా సైంటిస్టుగా చేరిన రెండో ఏడాది, నా మొదటి పెద్ద ప్రెజెంటేషన్ ఇచ్చాను. బయట మోకాలి లోతు మంచు. లోపల పెద్ద టేబుల్ చుట్టూ పదిహేను మంది కూర్చున్నారు: డాక్టర్లు, క్వాలిటీ డిపార్ట్‌మెంట్ వాళ్లు, మా మేనేజరు. చివరి కుర్చీలో హార్ట్ ఫెయిల్యూర్ వార్డు చూసుకునే సీనియర్ నర్సు. ముప్పై ఏళ్లుగా అదే వార్డులో ఉన్నావిడ.

పాత పేషెంట్ల డేటా నుంచి నేర్చుకుని అంచనా చెప్పే మోడల్ ఒకటి చేశాను. దాని పని ఇదీ. గుండె బలహీనపడి హాస్పిటల్లో చేరి, నయమై ఇంటికి వెళ్లే పేషెంట్లలో 30 రోజుల్లోపు మళ్లీ ఎవరు చేరతారో ముందే చెప్పాలి. ఈ జబ్బుతో వచ్చినవాళ్లలో అయిదుగురిలో ఒకరికి పైగా నెల తిరక్కుండానే వెనక్కి వస్తారు. 2012 అక్టోబరు నుంచి, ఇలా తిరిగి చేరేవాళ్లు ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా ఉంటే, పెద్ద వయసువాళ్లకి అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ ఆ హాస్పిటల్‌కిచ్చే డబ్బులో కోత పెడుతోంది. ఆ కోత 3 శాతం దాకా వెళ్తుంది. అందుకే ఎవరు వెనక్కి వచ్చేలా ఉన్నారో వాళ్లకి నర్సులు ముందుగా ఫోన్ చేసి బరువు ఎంతుంది, కాళ్లు వాచాయా, మందులు వేసుకుంటున్నారా అని కనుక్కోవాలని ప్లాన్.

నా మోడల్ ఏయూసీ 0.86 వచ్చింది. తిరిగి వచ్చిన పేషెంటు ఒకరిని, రాని పేషెంటు ఒకరిని తీసుకుంటే, వచ్చినవాళ్లకే ఎక్కువ స్కోరు పడే అవకాశం నూటికి 86 అన్నమాట. బొమ్మా బొరుసూ వేసి చెబితే 0.5 వస్తుంది. ఈ పనికి చాలా హాస్పిటళ్లు వాడే లేస్ స్కోరు అని ఒకటుంది, కెనడాలో 2010లో వచ్చింది. ఎన్ని రోజులు ఉన్నారు, ఎమర్జెన్సీగా చేరారా, ఇంకేం జబ్బులున్నాయి, గత ఆరు నెలల్లో ఎన్నిసార్లు ఎమర్జెన్సీకి వచ్చారు అనే నాలుగు లెక్కలే అందులో ఉంటాయి. దానికి 0.7 దాటడమే కష్టం. అలాంటప్పుడు 0.86 చూసి నాకు అనుమానం రావాల్సింది. సంతోషం వచ్చింది.

మోడల్ అంచనాకి వాడుకునే వివరాల్ని ఫీచర్లు అంటాం. వాటిలో ఎక్కువగా పనికొచ్చినవి బార్ల రూపంలో ఉన్న స్లైడు వేశాను. అన్నిటికన్నా పొడవైన బార్ ఫాలో అప్ అపాయింట్‌మెంట్ స్టేటస్‌ది. ఇంటికెళ్లిన ఏడు రోజులకి కార్డియాలజీ క్లినిక్‌కి రమ్మని పేషెంటుకి ఇచ్చే అపాయింట్‌మెంటు అది. అది క్యాన్సిల్ అయినవాళ్లు ఎక్కువగా తిరిగి చేరుతున్నారని, డాక్టరుకి చూపించుకోకపోవడమే కారణమై ఉంటుందని చెప్పాను. ఎవరికైనా సబబుగానే అనిపించే మాట.

నర్సు చెయ్యెత్తింది. "ఆ కాలమ్ ఎప్పుడు నిండుతుంది?" అని అడిగింది.

నాకు ప్రశ్న అర్థం కాలేదు. ఆవిడే మళ్లీ చెప్పింది: "పేషెంటు మళ్లీ వచ్చి పై అంతస్తులో చేరితే, క్లినిక్‌కి ఫోన్ చేసి ఆ అపాయింట్‌మెంటు క్యాన్సిల్ చేయించేది మేమే."

ఒక్కసారి గుండె జారింది. క్యాన్సిల్ అవడం వల్ల పేషెంటు తిరిగి రావడం లేదు, తిరిగి వచ్చినందుకే అది క్యాన్సిల్ అవుతోంది. డేటాబేసులో ఆ కాలమ్‌కి పాత విలువలు ఉండవు, ఈరోజు ఏముందో అదే ఉంటుంది. నేను రెండేళ్ల కిందటి పేషెంటు వరస తీసినా, అందులో ఉన్నది చివరికి ఏం జరిగిందో తెలిశాక రాసిన మాటే. డిశ్చార్జి రోజు పొద్దున ఎనిమిదింటికి నా మోడల్ నడిచినప్పుడు ఆ గడిలో అందరికీ ఒకటే ఉంటుంది: షెడ్యూల్డ్. అంటే మోడల్‌లో అన్నిటికన్నా బలమైన ఫీచరు అసలు వాడే రోజున ఉండదు. మేం దీన్ని లీకేజీ అంటాం, జవాబు ముందే కారిపోవడం.

ఆ సాయంత్రం నా 140 ఫీచర్లనీ ఒక షీట్‌లో పెట్టుకుని, ఒక్కోదాని పక్కన అది ఏ రోజు, ఎవరి చేతిలో నిండుతుందో రాయడం మొదలుపెట్టాను. రెండు వారాలు పట్టింది, ఎందుకంటే సగం జవాబులు కంప్యూటర్లో లేవు. రిజిస్ట్రేషన్ కౌంటర్లో, ఫార్మసీలో, బిల్లింగ్‌లో కూర్చుని అడగాల్సి వచ్చింది. అలా ఇంకో పెద్దది దొరికింది. పేషెంటుకున్న జబ్బుల కోడ్‌లు బిల్లు కోసం ఇంటికెళ్లాక కొన్ని రోజులకి గానీ ఖరారు కావు. డిశ్చార్జి నాటికి ఉండేది డాక్టర్లు రాసిన ప్రాబ్లమ్ లిస్టు ఒక్కటే, అది చాలాసార్లు సగమే ఉంటుంది. మొత్తం 19 ఫీచర్లు తీసేశాను.

ఆ మీటింగులోనే ఇంకో ప్రశ్న క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లోని సోషల్ వర్కర్ దగ్గర్నుంచి వచ్చింది. రిస్కు తక్కువున్న చోట్లని ఆకుపచ్చ రంగులో చూపే నా పిన్‌కోడ్ మ్యాపు ఆయన చూపించి, "తూర్పున ఉన్న ఈ పల్లెలన్నీ పచ్చగా ఉన్నాయి. వాళ్లు నిజంగా బాగున్నారా, లేక మీకు కనపడటం లేదా?" అన్నారు.

నా డేటాలో 1 అంటే తిరిగి మా హాస్పిటల్లోనే చేరారని. 0 అంటే ఆరోగ్యంగా ఉన్నారని నేను అనుకున్నాను. కానీ ఆ 0లో నాలుగు రకాల మనుషులున్నారు: నిజంగా కుదుటపడ్డవాళ్లు, దగ్గర్లోని ఇంకో హాస్పిటల్‌కి వెళ్లినవాళ్లు, వెళ్లాలని ఉన్నా ఖర్చుకి భయపడో కారు లేకో ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు, నెలలోపే ఇంటి దగ్గర చనిపోయినవాళ్లు. తూర్పు పల్లెల నుంచి మా దగ్గరికి గంట ప్రయాణం. మధ్యలో వేరే వాళ్ల హాస్పిటల్ ఉంది. ఆయాసం వస్తే ఎవరైనా దగ్గరున్న చోటికే పరుగెత్తుతారు కదా.

నర్సూ నేనూ కలిసి ఆ ప్రాంతం నుంచి తక్కువ రిస్కు వచ్చిన 50 మంది ఫైళ్లు చదివాం. ఆవిడ క్లినిక్ నోట్స్ చదువుతూ చెప్పేది, నేను రాసుకునేదాన్ని. వాళ్లలో తొమ్మిది మంది నెలలోపే వేరే హాస్పిటల్లో చేరారు, నలుగురు చనిపోయారు. ఒక ముసలాయన ఫైల్లో చివరి నోట్‌లో, ఆయన పోయారని కూతురు ఫోన్ చేసి చెప్పినట్టు ఒక్క వాక్యం ఉంది. డిశ్చార్జి అయిన పన్నెండో రోజది. నా టేబుల్లో ఆయన పక్కన 0 ఉంది. ఆయన్ని నా మోడల్ మంచి ఫలితం కింద నేర్చుకుంది. ఆ ఫైలు నాకిప్పటికీ గుర్తే.

దీనికి పూర్తి మందు దొరకలేదు. 65 దాటినవాళ్లకి మెడికేర్ క్లెయిములు తెప్పించుకుంటే ఏ హాస్పిటల్‌కి వెళ్లినా కనిపిస్తుంది, నెలల ఆలస్యంగానైనా. చిన్న వయసువాళ్లకి, ఇన్సూరెన్స్ లేనివాళ్లకి ఆ దారి లేదు. చనిపోయినవాళ్లని 0 నుంచి తీసి 1లో కలిపాం. పిన్‌కోడ్ ఫీచరు తీసేశాం, కానీ అదొక్కటి తీస్తే పోదు. గతంలో ఎన్నిసార్లు హాస్పిటల్‌కి వచ్చారన్నది కూడా జబ్బు తీవ్రతతో పాటు రాగలిగే స్తోమతనీ కొలుస్తుంది. మరుసటి ఏడాది, 2019 అక్టోబరులో, సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చదివినప్పుడు ఆ మ్యాపే కళ్ల ముందు కదిలింది. అమెరికాలో విస్తారంగా వాడే ఒక అల్గారిథమ్ జబ్బుకి బదులు వైద్యానికైన ఖర్చుని అంచనా వేసింది. నల్లజాతి పేషెంట్ల మీద ఖర్చు పెట్టేదే తక్కువ కాబట్టి, అదే స్కోరు వచ్చిన తెల్లవాళ్లకన్నా వాళ్లు ఎక్కువ జబ్బుతో ఉన్నారు. లోపం సరిదిద్దితే అదనపు సాయానికి ఎంపికయ్యేవాళ్లలో నల్లజాతివాళ్లు 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతారని లెక్క తేలింది.

మూడో ప్రశ్న మా టీంలోనే ఉన్న స్టాటిస్టీషియన్ అడిగారు. "ఈ 11 వేల వరసల్లో మనుషులెంతమంది?"

ఆరువేల లోపు. ఒకావిడ 23 సార్లు చేరింది. నేను వరసల్ని కలిపేసి, మోడల్‌కి నేర్పే ట్రైనింగుకి 80 శాతం, అది ఎంత నేర్చుకుందో చూసే టెస్టుకి 20 శాతంగా విడగొట్టాను. అంటే అదే మనిషి పదిహేనుసార్లు ట్రైనింగులో, ఎనిమిదిసార్లు టెస్టులో ఉండొచ్చు. వయసు, రక్తపరీక్షలో వచ్చే క్రియాటినిన్, సోడియం, వాడే మందులు కలిస్తే అది దాదాపు ఒక మనిషి వేలిముద్రే. మోడల్ జబ్బుని నేర్చుకోకుండా మనుషుల్ని గుర్తుపెట్టుకుంది. పరీక్షలో పాత పేపరే మళ్లీ ఇచ్చినట్టయింది. మనుషుల వారీగా విడగొట్టడానికి పెద్ద పనేం లేదు:

```python
from sklearn.model_selection import GroupShuffleSplit

gss = GroupShuffleSplit(n_splits=1, test_size=0.2, random_state=7)
train_idx, test_idx = next(gss.split(X, y, groups=df["patient_id"]))
```

లీకేజీ ఫీచర్లు తీసి, ఇలా విడగొట్టాక 0.86 కాస్తా 0.73 అయింది. ఆయన అక్కడితో ఆగలేదు. "టెస్ట్ డేటా మీద ఎన్నిసార్లు నడిపి చూశారు?" అన్నారు. నలభైసార్లకి పైనే. మోడల్‌లోని డెసిషన్ ట్రీల లోతు మార్చి ఒకసారి, అది నేర్చుకునే వేగం మార్చి ఒకసారి, ప్రతిసారీ టెస్ట్ స్కోరు పెరిగిన సెట్టింగునే ఉంచుకుంటూ వచ్చాను. ట్రైనింగులో వాడకపోయినా, ఎంపికలో వాడేశాను కాబట్టి అది టెస్ట్ డేటా కాకుండా పోయింది. అప్పుడు 2016 దాకా ఉన్న డేటాతో మోడల్ కట్టి, ఆ డేటానే ముక్కలు చేసి ఒక్కో ముక్కనీ వంతులవారీగా పక్కన పెట్టి పరీక్షించే క్రాస్ వాలిడేషన్‌తో సెట్టింగులన్నీ తేల్చుకుని, 2017 పేషెంట్ల మీద ఒక్కసారే నడిపాం. ట్రైనింగులో అప్పటికే ఉన్న మనుషుల్ని 2017 నుంచి తీసేసి మరీ. వచ్చింది 0.69. అదే పేషెంట్ల మీద లేస్ స్కోరు 0.66.

ఆ ఏడాది నా హెచ్ వన్ బీ రెన్యూవల్ ఉంది. 0.86 చెప్పిన నోటితో 0.69 ఎలా చెప్పాలా అని మూడు రాత్రులు నిద్ర లేదు. మా కాలేజీలో సెమినార్‌లో ప్రశ్న అడిగితే అవతలివాళ్లని ఇరికించడానికే అనుకునేవాళ్లం, ఫ్రెండ్స్ అయితే ముందే సులువైన ప్రశ్నలు మాట్లాడి పెట్టుకునేవాళ్లం. అందుకే ఆ రోజు ఆ ముగ్గురూ నా మీద కక్ష కట్టారనిపించింది. రెండో ప్రెజెంటేషన్‌లో ముందు 0.69 స్లైడే పెట్టి, 0.86 ఎందుకు తప్పో ఒక్కో ప్రశ్న కింద చూపించాను. నర్సు అడిగింది ఒకటే: "మేం రోజుకి 12 ఫోన్లే చెయ్యగలం. మీ 12 మందికీ లేస్ 12 మందికీ తేడా ఏంటి?" దానికి లెక్క తీసుకెళ్లాను. మోడల్ చెప్పిన వంద మందికి ఫోన్ చేస్తే 34 మంది నిజంగా తిరిగి వచ్చేవాళ్లు ఉంటారు, లేస్ ప్రకారమైతే 29. ఆ అయిదుగురి కోసం మోడల్ వాడదాం, తూర్పు పల్లెలవాళ్లకి మాత్రం స్కోరుతో పని లేకుండా అందరికీ ఫోన్ చేద్దాం అని ఆవిడే తేల్చింది.

మొన్న హైదరాబాద్ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. బ్యాంకు లోన్లు ఎవరు ఎగ్గొడతారో చెప్పే మోడల్ మీద సోమవారం వాడి ప్రెజెంటేషన్.

"అక్కా, 0.93 వచ్చింది. ఏం అడుగుతారో కాస్త చెప్పవా, టెన్షన్‌గా ఉంది."

"పొడవైన బార్ దేనిదిరా?"

"కస్టమర్‌కి రికవరీ వాళ్లు ఎన్నిసార్లు ఫోన్ చేశారన్నది."

"లోన్ ఇచ్చే రోజుకి ఆ కాలమ్‌లో ఏముంటుంది?"

అవతల కీబోర్డు చప్పుడు కాసేపు వినిపించి, ఆగిపోయింది.

"సున్నా," అన్నాడు.