మాత్రిక చేతికొచ్చాక నేను చేసే లెక్క: మార్కోవ్ చెయిన్ స్టేషనరీ డిస్ట్రిబ్యూషన్

మార్కోవ్ చెయిన్ అంటే, తర్వాతి అడుగులో ఏ స్థితికి పోతుందన్న సంభావ్యత ఇప్పుడున్న స్థితి మీదే ఆధారపడే వ్యవస్థ. దీర్ఘకాలంలో ఒక్కో స్థితికి ఎంత వాటా దక్కుతుందన్నదే ఇక్కడి లెక్క. రెండు స్థితులే ఉన్న చెయిన్‌కి నేను మాత్రిక బీజగణితం జోలికి వెళ్లను. ఒక స్థితి నుంచి రెండో దానికి ఎంత పోతోందో, రెండో దాని నుంచి మొదటి దానికి అంతే రావాలి. అంతకుమించి సమీకరణం అక్కర్లేదు. మొదటి స్థితి నుంచి బయటపడే సంభావ్యత a, రెండో దాని నుంచి బయటపడేది b అయితే, మొదటి దాని వాటా b/(a+b), రెండో దాని వాటా a/(a+b).

ఈ సూత్రాన్ని సరిచూసుకోవడానికి రష్యన్ గణితవేత్త మార్కోవ్ స్వయంగా వదిలివెళ్లిన లెక్క ఉంది. 1913లో ఆయన పుష్కిన్ కావ్యం ‘ఎవ్గెనీ ఒనేగిన్’లో 20,000 అక్షరాలు తీసుకుని అచ్చులు, హల్లులు లెక్కపెట్టారు. అచ్చు తర్వాత మళ్లీ అచ్చు వచ్చే సంభావ్యత 0.128, హల్లు తర్వాత అచ్చు వచ్చేది 0.663 అని తేలింది. అంటే అచ్చు నుంచి హల్లుకి పోయేది 0.872. సూత్రంలో వేస్తే అచ్చుల వాటా 0.663/(0.872+0.663), అంటే 0.432. పాఠంలో నేరుగా లెక్కపెడితే దొరికిన అచ్చులు 8,638. దాన్ని 20,000తో భాగించినా 0.432 వస్తుంది. సంభావ్యతలు ఆ పాఠంలోంచే తీసినవి కాబట్టి ఇది కుదరడం వింత కాదు. కానీ స్టేషనరీ డిస్ట్రిబ్యూషన్ అంటే ఏమిటో ఇంతకన్నా సూటిగా చూపించే ఉదాహరణ నాకు తెలియదు: దీర్ఘకాలంలో ఒక్కో స్థితికి దక్కే వాటా అది.

మూడో స్థితి చేరగానే మాత్రికతో పని పడుతుంది. ఒక యంత్రాన్ని గంటకోసారి చూస్తున్నామనుకుందాం. అది బాగా నడుస్తూ ఉండొచ్చు, మందగించి ఉండొచ్చు, ఆగిపోయి ఉండొచ్చు. ఈ గంట ఏ స్థితిలో ఉందో అడ్డు వరుస చెబుతుంది, వచ్చే గంటకి ఎక్కడికి పోతుందో నిలువు వరుస చెబుతుంది:

```
          నడక    మందం   ఆగడం
నడక      0.90   0.08   0.02
మందం     0.20   0.60   0.20
ఆగడం     0.60   0.00   0.40
```

అన్నిటికన్నా ముందు అడ్డు వరుసలు కూడతాను. ఒక్కోటీ సరిగ్గా 1 రావాలి. నిలువు వరుసల మొత్తానికి అలాంటి నియమం లేదు.

తర్వాత సమీకరణాలు రాస్తాను. ఎప్పుడూ నిలువు వరుసల వెంబడే రాస్తాను, ఎందుకంటే ఒక స్థితి వాటా అంటే అన్నివైపుల నుంచీ దానిలోకి వచ్చి చేరేదాని మొత్తం. ‘మందం’ నిలువు వరుస చూడండి. నడక నుంచి 0.08, మందం నుంచి 0.60, ఆగడం నుంచి సున్నా. వాటాలను వరుసగా x, y, z అంటే y = 0.08x + 0.60y. అంటే 0.40y = 0.08x, కాబట్టి y = 0.2x. ఇక ‘ఆగడం’ వరుస: z = 0.02x + 0.20y + 0.40z. y స్థానంలో 0.2x పెడితే 0.60z = 0.06x, కాబట్టి z = 0.1x.

సున్నాలున్న నిలువు వరుసతో మొదలుపెట్టడం వల్లే ఇది ఇంత త్వరగా తేలింది. చేత్తో చేసేటప్పుడు నేను మొదట వెతికేది ఆ సున్నాలనే.

ఇప్పటికి నిష్పత్తులే వచ్చాయి: 10 : 2 : 1. మూడో సమీకరణం మిగిలే ఉంది కదా, అది x విలువ చెప్పదా అంటే చెప్పదు. అడ్డు వరుసల మొత్తం 1 కాబట్టి మూడు సమీకరణాలనూ కలిపితే రెండువైపులా x + y + z మాత్రమే మిగులుతుంది. మొదటి రెండూ నిజమైతే మూడోది దానంతటదే నిజమవుతుంది, కొత్తగా చెప్పేదేమీ ఉండదు. అందుకే దాన్ని తీసేసి x + y + z = 1 పెట్టాలి. 1.3x = 1, కాబట్టి వాటాలు 10/13, 2/13, 1/13. దశాంశాల్లో 0.769, 0.154, 0.077. వాడకుండా వదిలేసిన ‘నడక’ సమీకరణం సరిచూసుకోవడానికి పనికొస్తుంది: 0.9×10 + 0.2×2 + 0.6×1 = 9 + 0.4 + 0.6 = 10. సరిపోయింది.

కంప్యూటర్‌తో చేసినా నాది ఇదే పద్ధతి:

```python
import numpy as np
P = np.array([[0.90, 0.08, 0.02],
              [0.20, 0.60, 0.20],
              [0.60, 0.00, 0.40]])
n = len(P)
A = np.eye(n) - P.T
A[-1, :] = 1
b = np.zeros(n)
b[-1] = 1
pi = np.linalg.solve(A, b)
print(pi, np.abs(pi @ P - pi).max())
```

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది `P.T`, అంటే అడ్డు వరుసలను నిలువు వరుసలుగా తిప్పడం. అది మరిచిపోయి ఐగెన్ వెక్టర్ దారిలో `np.linalg.eig(P)` అని పిలిస్తే, ఐగెన్ విలువ 1కి వచ్చే వెక్టర్‌లో అన్ని అంకెలూ ఒకటే ఉంటాయి. మొత్తాన్ని 1కి తెస్తే మూడు స్థితులకీ 0.333 చొప్పున సమానంగా పంచినట్టు కనిపిస్తుంది. మాత్రిక ఏదైనా సరే, అడ్డు వరుసల మొత్తం 1 అయితే చాలు, ఇదే వస్తుంది. కాబట్టి ఏ కారణమూ కనబడకుండా వాటాలన్నీ సమానంగా వచ్చాయంటే నేను మొదట అనుమానించేది దీన్నే. నిలువు వరుసల మొత్తాలు కూడా 1 అయిన మాత్రికకి మాత్రం సమాన వాటాలే అసలు జవాబు.

`eig(P.T)` అని సరిగ్గా పిలిచినా పని పూర్తి కాదు. ఐగెన్ విలువలు పెద్దవి ముందు వచ్చేలా ఉంటాయన్న హామీ లేదు, కాబట్టి 1కి అతి దగ్గరగా ఉన్నదాన్ని వెతికి తీసుకోవాలి. వెక్టర్‌లోని అంకెలన్నీ రుణాత్మకంగా రావచ్చు, మొత్తంతో భాగిస్తే అది సర్దుకుంటుంది. మన మాత్రికలో ఇంకొక చిక్కు కూడా ఉంది. మిగతా రెండు ఐగెన్ విలువలు 0.45 ± 0.097i, అంటే సంకీర్ణ సంఖ్యలు. అందువల్ల జవాబు మొత్తం సంకీర్ణ రూపంలో వస్తుంది, `.real` తీసుకోవాల్సి ఉంటుంది. చిన్న చెయిన్లకి నేను `solve` వాడటానికి కారణం ఇదే.

చివరి వరుసలో ముద్రించిన తేడా, అంటే `pi @ P - pi`, 1e-15 దరిదాపుల్లో ఉండాలి. దాన్ని అలంకారంగా పెట్టలేదు. సంభావ్యతలను రెండు దశాంశాలకి కుదించి రాసిన పట్టికలు చాలా ఉంటాయి. మూడింట ఒక వంతు చొప్పున ఉండాల్సిన అడ్డు వరుస 0.33, 0.33, 0.33 అయి కూర్చుంటుంది, మొత్తం 0.99. అప్పుడు ఏ సమీకరణాన్ని తీసేసినా ఫరవాలేదన్న వాదన చెల్లదు. `solve` మాత్రం ఏ ఫిర్యాదూ చేయకుండా జవాబు ఇస్తుంది, తీసేసిన సమీకరణం మారితే జవాబూ మారుతుంది. చివర ముద్రించిన తేడా 0.001 స్థాయిలో కనిపించిందంటే అడ్డు వరుసల మొత్తం చూడాలి. అసలు లెక్కించిన సంఖ్యలు దొరికితే వాటి నుంచే మళ్లీ భాగించడం మేలు. దొరక్కపోతే ఒక్కో అడ్డు వరుసనీ దాని మొత్తంతో భాగించాలి.

మాత్రికను మళ్లీ మళ్లీ గుణించి జవాబు పట్టే పద్ధతి కూడా ఉంది. నడుస్తున్న యంత్రంతో మొదలుపెడితే ‘నడక’ వాటా 0.900, 0.838, 0.803, 0.785 అంటూ 0.769 వైపు దిగుతుంది. మిగతా ఐగెన్ విలువల పరిమాణం 0.46 కాబట్టి తేడా స్థూలంగా అడుగడుగునా అన్ని రెట్లకు తగ్గుతూ పోతుంది. ఇక్కడ హాయిగానే ఉంది. ఇబ్బంది పెట్టేవి నెమ్మదిగా మారే చెయిన్లు.

ఒక రెండు స్థితుల చెయిన్‌లో a = 0.001, b = 0.002 అనుకోండి. సూత్రం ప్రకారం జవాబు 0.667, 0.333. గుణిస్తూ పోయి, వరుసగా రెండు అడుగుల మధ్య మార్పు 0.01 కన్నా తక్కువైతే ఆపమని రాశారనుకోండి. మొదటి స్థితి నుంచి బయలుదేరితే తొలి అడుగులో వచ్చే మార్పే 0.001. ప్రోగ్రాం అక్కడే ఆగి 0.999, 0.001 అని చెబుతుంది. మార్పు తక్కువగా ఉంది కాబట్టి గమ్యం చేరామని అది అనుకుంటోంది, నిజానికి ఇంకా 0.332 దూరం ఉంది. రెండో ఐగెన్ విలువ ఇక్కడ 1 − a − b, అంటే 0.997. రెండు స్థితులున్నప్పుడు, ఆ విలువ ధనాత్మకమైతే, అడుగు మొదలుపెట్టిన చోటి నుంచి గమ్యానికున్న దూరం తెలియాలంటే ఆ అడుగులో వచ్చిన మార్పుని (1 − ఐగెన్ విలువ)తో భాగించాలి: 0.001/0.003 = 0.333. ఆపే హద్దు పెట్టేటప్పుడు నేను ఈ భాగాహారం చేసి మరీ పెడతాను.

అసలు కుదురుకోని చెయిన్ కూడా ఉంటుంది. ప్రతి అడుగులో తప్పనిసరిగా రెండో స్థితికి దూకేదైతే, a = b = 1, వాటాలు 1/2, 1/2 అని సమీకరణం చెబుతుంది. గుణించి చూస్తే 1, 0, 1, 0 అంటూ ఊగుతూనే ఉంటుంది. సమీకరణం తప్పేమీ చెప్పలేదు: అక్కడ 1/2 అనేది కాలం మొత్తం మీద సగటు. ఫలానా అడుగులో ఎక్కడ ఉంటుందో అది చెప్పదు.

ఇంకొకటి, ఒకదానిలోంచి మరొకదానిలోకి దారిలేని రెండు గుంపులు చెయిన్‌లో ఉంటే జవాబు ఒకటి కాదు, అనంతం. `solve` పొరపాటు చూపొచ్చు, లేదా అర్థంలేని పెద్ద అంకెలు ఇవ్వొచ్చు. అప్పుడు ఏ గుంపు లెక్క ఆ గుంపుకి విడిగా చేయాలి.

ఇక జవాబు చదవడం. ఎక్కువమంది జారేది ఇక్కడే. ఆగడం వాటా 1/13 అని రాగానే ‘13 గంటలకోసారి చెడిపోతుంది’ అనేస్తారు. 1/13 చెప్పేది, సగటున 13 గంటల్లో ఒక గంట ఆగి ఉంటుందని. కానీ ఒకసారి ఆగితే వచ్చే గంట కూడా ఆగి ఉండే సంభావ్యత 0.40. అంటే ఒక్కో ఆగుడు సగటున 1/0.6, దాదాపు 1.67 గంటలు సాగుతుంది. ఆ గంటలన్నీ 1/13లో కలిసే ఉన్నాయి. కొత్తగా చెడిపోవడాలు ఎన్నో కావాలంటే బయటి నుంచి ఆ స్థితిలోకి వచ్చేదాన్ని మాత్రమే కూడాలి: నడక నుంచి 10/13 × 0.02, మందం నుంచి 2/13 × 0.20, మొత్తం 0.6/13. తలకిందులు చేస్తే 21.67. అంటే ఒక చెడిపోవడం మొదలైనప్పటి నుంచి తర్వాతది మొదలయ్యేదాకా సగటున 21 గంటల 40 నిమిషాలు. పైగా ఆ 0.6లో 0.4 మందం వైపు నుంచే వస్తోంది. యంత్రం మందగించి ఉండే సమయం 2/13 మాత్రమే అయినా, మూడింట రెండు వంతుల చెడిపోవడాలు అక్కడి నుంచే మొదలవుతున్నాయి.