న్యాప్‌సాక్ టేబుల్: బట్టీ పట్టకుండా నేను నింపిన తీరు

సంచి మోయగల బరువు దాటకుండా, మొత్తం విలువ వీలైనంత ఎక్కువ వచ్చేలా వస్తువులు ఏరుకోవడమే న్యాప్‌సాక్ లెక్క. దాని టేబుల్‌ను ఎట్టకేలకు ఎవరి సాయమూ లేకుండా నింపాను. క్లాసులో జరిగినదాని మీద కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

రికర్షన్ వరకు ఏ ఇబ్బందీ లేదు. ఒక వస్తువును సంచిలో వేస్తే ఎంత విలువ, వేయకపోతే ఎంత అని చూసి పెద్దది తీసుకోవడమే.

```
def f(i, w):
    if i == 0: return 0
    best = f(i-1, w)
    if wt[i] <= w:
        best = max(best, f(i-1, w-wt[i]) + val[i])
    return best
```

ఆ తర్వాతే తంటా మొదలైంది. సార్ బోర్డు మీద గడులు గీసి, మొదటి వరుసంతా సున్నాలు వేసి, చకచకా నింపేశారు. "ప్రతిసారీ పై వరుసే ఎందుకు చూస్తున్నాం సార్?" అని అడిగాను. "ఫార్ములా అంతే, బట్టీ పట్టు" అన్నారు. క్లాసంతా నవ్వింది. అడిగినవాళ్ల నోరు మూయించే చోట డైనమిక్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవద్దు, డబ్బు దండగ.

ఇంటికొచ్చి నాలుగు వస్తువులు రాసుకున్నాను. బరువులు వరుసగా 4, 2, 3, 5; విలువలు 7, 4, 5, 8. సంచి 9 మోస్తుంది. `f(4, 9)` నుంచి పిలుపులన్నీ చెట్టులా గీశాను. నాలుగోది వేసి, మూడోది, రెండోది వదిలేస్తే `f(1, 4)` దగ్గరికి వస్తాం. నాలుగోది వదిలేసి, ఆ రెండూ వేసినా మళ్లీ `f(1, 4)` దగ్గరికే. 5 అన్నా, 3+2 అన్నా సంచిలో మిగిలే చోటు ఒకటే కదా! ఏవి వేశామన్నది ఇక అనవసరం. ఎన్ని వస్తువులు చూడాలి, ఎంత చోటు ఉంది అన్న రెండు సంఖ్యలు చాలు.

ఆ రెండు సంఖ్యలే టేబుల్‌లో వరుస, నిలువు వరుస. `i == 0` అన్న షరతే ఆ సున్నాల వరుస. `f(i, ...)` ఎప్పుడూ `f(i-1, ...)`నే పిలుస్తుంది కాబట్టి పై వరుస ముందే నిండి ఉండాలి. సార్ చెప్పనిది ఇంతే, రెండు నిమిషాల పని.

చివరి గడి చూడండి. నాలుగోది వదిలేస్తే పై గడిలోని 16. వేస్తే `f(3, 4)`లోని 7, దాని విలువ 8 కలిపి 15. కాబట్టి 16 రాస్తాం. పై గడిలో ఉన్నదే దిగింది కనుక నాలుగోది సంచిలో లేదు. అక్కడి నుంచి ఒక్కో వరుస పైకి వెళ్తూ, పై గడితో విలువ తేడా వచ్చిన చోటల్లా ఆ వస్తువు వేసినట్టు లెక్క. వేసిన వస్తువు బరువంత ఎడమకు జరగాలి. ఇలా 3, 2, 1 వస్తువులు దొరుకుతాయి. విలువ ఎక్కువున్నదాన్ని ముందు వేసేద్దామనుకుంటే 8, 7 తీసుకుని 15 దగ్గరే ఆగిపోతాం.

టేబుల్ ఎప్పుడూ లాభమేనని మాత్రం అనుకోకండి. ఇక్కడ గడులు 50, వస్తువుల ఎంపికలు మొత్తం 16 మాత్రమే. వస్తువులు పెరిగేకొద్దీ టేబుల్ గెలుస్తుంది. కానీ ఇవే బరువులు కిలోలనుకుని గ్రాముల్లో రాస్తే, నిలువు వరుసలు 10 నుంచి 9001కి పెరుగుతాయి, జవాబు మాత్రం అదే 16.