దీపావళి లెక్క తప్పిన నా ఉద్యోగ వేట

భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ కంట్రోల్ విభాగంలో మూడేళ్ళు పనిచేశాక, 2025లో ఏ రంగాలకు దరఖాస్తులు పెట్టాలో తేల్చుకోవాలని నియామకాల నివేదికలు ముందేసుకుని కూర్చున్నాను. నౌకరీ వెబ్‌సైటు వెలువరించే నియామకాల సూచిక జాబ్‌స్పీక్ నెలనెలా ఉచితంగానే దొరుకుతుంది కనుక సేకరణకు ఒక్క సాయంత్రం సరిపోయింది.

2024 నవంబరు అంకెలను 2023 నవంబరుతో పోల్చి, బాగా పెరిగిన రంగాలను ఎర్ర సిరాతో గుర్తించి, ఆ కాగితం పట్టుకుని రాజమహేంద్రవరంలో ఒక నియామకాల ఏజెన్సీకి వెళ్ళాను. అక్కడి పెద్దమనిషి కాగితం చూసి, వరుసలో కూర్చున్న మరో ఆరుగురు వింటూ ఉండగా, "బాబూ, 2023లో దీపావళి ఏ నెలలో వచ్చిందో చెప్పు" అన్నారు. నేను చెప్పలేకపోయాను. ఆరుగురూ నవ్వారు. ఆయన విడమరచి చెప్పకుండానే కాగితం వెనక్కి ఇచ్చేశారు. తెలిసినవారికి ఆ మాత్రం ఓపిక ఎందుకు ఉండదో నాకు నేటికీ అర్థం కాదు.

ఇంటికొచ్చి పంచాంగం తిరగేస్తే సంగతి బోధపడింది. 2023లో దసరా అక్టోబరులోనూ, దీపావళి నవంబరు 12నా వచ్చాయి. 2024లో అక్టోబరు 12న దసరా, 31న దీపావళి, రెండూ ఒకే నెలలో పడ్డాయి. పండుగ రోజుల్లో కంపెనీలు ప్రకటనలు తగ్గిస్తాయి కనుక, సెలవుల వల్ల తగ్గిన నవంబరుతో సెలవులు లేని నవంబరును పోలిస్తే రంగం కదలకపోయినా పెరిగినట్టే కనిపిస్తుంది. ఒక రంగం సూచిక 2023 అక్టోబరులో 110, నవంబరులో 90, 2024లో అవే నెలల్లో 92, 108 ఉందనుకోండి. నవంబరు ఒక్కటే చూస్తే 20 శాతం పెరుగుదల. రెండు నెలలూ కలిపితే అప్పుడూ 200, ఇప్పుడూ 200. అప్పటినుంచి నేను అక్టోబరు, నవంబరు కలిపే చూస్తున్నాను. అలా చూసేసరికి నా ఎర్ర గుర్తుల్లో సగానికి పైగా చెరిగిపోయాయి.

ఇక్కడ ఇంకొక తికమక ఉంది. ఆ సూచిక లెక్కించేది ప్రకటనలనూ, రెజ్యూమెల కోసం కంపెనీలు చేసే వెతుకులాటనూ, చేరినవారిని కాదు. చేరినవారి కోసం ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ ఈపీఎఫ్‌ఓ ఇచ్చే పేరోల్ గణాంకాలు చూడబోతే, అందులో పెద్ద వాటా 'ఎక్స్‌పర్ట్ సర్వీసెస్' అనే పద్దుకు పోతుంది. పేరు గొప్పగా ఉన్నా, అందులో ఉండేది చాలావరకు మనుషులను సరఫరా చేసే సంస్థలూ, కాంట్రాక్టర్లూ, సెక్యూరిటీ ఏజెన్సీలే. మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద చేరిన కుర్రాడు ఫార్మా పద్దులో కాక ఇందులో పడవచ్చు. అందుచేత ఆ పద్దు పెరిగిందంటే ఏ రంగం పెరిగిందో అక్కడ తెలియదు. పైగా తాజా నెలల అంకెలు తాత్కాలికం, తర్వాత మారుతుంటాయి.

చివరికి సవరించిన లెక్కలో నిలిచిన ఫార్మాను మొదటి స్థానంలో ఉంచి, పరవాడ వైపు ప్లాంట్ల క్వాలిటీ ల్యాబులకు తొమ్మిది దరఖాస్తులు పంపాను. ఆ ఏజెన్సీకి మాత్రం పంపలేదు.