ఏ పాఠంలో లెక్కో చెప్పుంటే చేసేదాన్ని

నిరుడు మొదటి యూనిట్ టెస్టు పేపరు తెచ్చి నా ముందు పెట్టి, మా అక్క కూతురు బుజ్జి అన్న మాట ఇది. నలభైకి పద్దెనిమిది వచ్చాయి. "పిన్నీ, అది ఏ పాఠంలో లెక్కో చెప్పుంటే చేసేదాన్ని" అంది. సాకు చెబుతోందనుకుని విసుక్కున్నాను. రాత్రి అంట్లు తోముతుంటే ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. సాకు కాదు, పిల్ల రోగం పేరు సరిగ్గా చెప్పింది.

అక్కావాళ్లది హిందూపురం. పదో తరగతికి బుజ్జిని బెంగళూరు పంపించి, కె.ఆర్.పురంలో మా ఇంట్లో ఉంచారు. నేను ఇక్కడే ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. టెస్టుకు మూడు వారాల ముందు వర్గ సమీకరణాల అభ్యాసంలో పద్దెనిమిది లెక్కలకు పదిహేడు కరెక్టు చేసింది. "ఇంక భయం లేదక్కా" అని నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆ పదిహేడే నన్ను మోసం చేసింది.

పుస్తకంలో మూడో పాఠం రేఖీయ సమీకరణాల జత, నాలుగోది వర్గ సమీకరణాలు, ఐదోది అంకశ్రేఢి. పిల్లలు లీనియర్, క్వాడ్రాటిక్, ఏపీ అంటారు. (ఏపీ అంటే మన రాష్ట్రం కాదని మొదటి రోజు ప్రతి క్లాసులోనూ ఎవడో ఒకడు జోకు వేస్తాడు.) నాలుగో పాఠం తెరిచి కూర్చున్న పిల్లకి, లెక్క చదవకముందే అది వర్గ సమీకరణం అని తెలిసిపోతుంది. సంఖ్యలు ఏరి, సమీకరణం రాసి, కారణాంకాలు విడగొడితే చాలు. లెక్కలో కష్టమైన సగం, అంటే ఏ దారి పట్టాలో తేల్చుకోవడం, పాఠం పేరే చేసిపెడుతోంది. పరీక్ష పేపర్లో ఆ పేరు ఉండదు.

నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. రోరర్, టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో ఇదే చూపించారు. కాలేజీ విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకారాల ఘనపరిమాణం కట్టడం నేర్పారు. కొందరికి ఒక్కో రకం లెక్కలన్నీ వరసగా ఇచ్చారు, మిగతావాళ్లకు అవే లెక్కలు కలగాపులగంగా ఇచ్చారు. సాధన చేస్తున్నప్పుడు వరసగా చేసినవాళ్లు 89 శాతం, కలిపి చేసినవాళ్లు 60 శాతం సరిగ్గా చేశారు. వారం తర్వాత పరీక్ష పెడితే వరసవాళ్లకు 20 శాతం, కలిపినవాళ్లకు 63 శాతం వచ్చాయి. బుజ్జి పదిహేడు ఆ 89 లాంటిదే. 2015లో రోరర్ బృందం ఏడో తరగతి పిల్లలతో, మామూలు క్లాసులోనే, నెలల తరబడి చేసి చూసినప్పుడూ కలిపి చేసినవాళ్లే పైచేయి. నెల రోజుల తర్వాత పెట్టిన పరీక్షలో 74 శాతం, వరసవాళ్లకు 42.

ఇదంతా నేను బి.ఎడ్. రోజుల తర్వాత ఎప్పుడో చదివిందే. అయినా ఇంట్లో పిల్లకి "ఈ పాఠం లెక్కలన్నీ ఒక్క ఊపులో కూర్చుని పూర్తి చెయ్యి" అనే చెప్పాను. అదే వారం మా స్కూల్లో తొమ్మిది, పది తరగతులకు "ఎలా చదవాలి" అని ఒక సలహాల కాగితం రాయమన్నారు. అందులో కూడా అచ్చం అదే రాసి ఉంచాను. ఆ కాగితం పక్కన పెట్టి, ముందు బుజ్జితో చేసి చూద్దామనుకున్నాను.

మొదటి షీటు బెడిసికొట్టింది. పది లెక్కలు, మూడు పాఠాలవీ కలిపేశాను. అంకశ్రేఢి స్కూల్లో అప్పుడే మొదలైంది, పిల్లకి aₙ = a + (n − 1)d ఇంకా నోటికి కూడా రాలేదు. మూడో లెక్క దగ్గర ఇరవై ఐదు నిమిషాలు కూర్చుంది. పేజీ నిండా తెలిసిన సూత్రాలన్నీ రాసింది, అందులో ఏదో ఒకటి అతుక్కుంటుందేమోనని. చివరికి వెనక పేజీల్లో జవాబు చూసి, అక్కడి నుంచి వెనక్కి నడవబోయింది. ఏడుపొక్కటే తక్కువ.

ఆ పేజీ చూశాక నా తప్పు తెలిసింది. మనసులో ఒకేసారి పట్టుకుని తిప్పగలిగే కొత్త విషయాలు చాలా కొద్ది, నాలుగో ఏమో. మనసులోని ఆ కాస్త చోటునే వర్కింగ్ మెమరీ అంటారు. సూత్రంలో n ఏమిటో, d ఏమిటో, (n − 1) ఎందుకు వచ్చిందో, ఇవే బుజ్జికి విడివిడి వస్తువులు. వాటితోనే చేతులు నిండిపోతే, "ఇది ఏ రకం లెక్క" అనే ప్రశ్న పట్టుకోవడానికి చోటెక్కడుంది? స్వెల్లర్ అనే ఆస్ట్రేలియా ఆయన కాగ్నిటివ్ లోడ్ అన్నది ఈ బరువునే. కొత్తవాళ్లు లెక్కతో కుస్తీ పడుతున్నప్పుడు ఉన్న శక్తంతా జవాబు వెతకడానికే పోయి, పద్ధతి గుర్తుండదని ఆయన వాదన. ఆయన, కూపర్ కలిసి 1985లో బీజగణితంలో చేసి చూపించింది ఏమిటంటే, కొత్తలో చేసి చూపిన లెక్కలు చదివినవాళ్లే తొందరగా అందుకుంటారు.

కాబట్టి కొత్త పాఠానికి వేరే కాగితం పెట్టాను. మొదటి లెక్క నేనే పూర్తిగా చేసి ఇస్తాను, ప్రతి మెట్టు పక్కనా "ఇది ఎందుకు" అని తను రాయాలి. రెండోదాంట్లో ఆఖరి మెట్టు ఖాళీ. మూడోదాంట్లో ఆఖరి రెండూ ఖాళీ. ఇలా వెనక నుంచి ముందుకు ఖాళీలు పెరుగుతాయి. ఏమీ చూడకుండా రెండు లెక్కలు వరసగా చేసిన రోజునే ఆ పాఠం కలిపే షీట్లోకి ఎక్కుతుంది. బుజ్జికి అంకశ్రేఢి ఎక్కడానికి ఆరు రోజులు పట్టింది.

పై అంతస్తులో కుప్పం వాళ్లబ్బాయి ఉన్నాడు, సాయంత్రాలు తనూ వచ్చి కూర్చునేవాడు. వాడికి చేసిన లెక్కల కాగితం ఇస్తే రెండో రోజుకే "ఆంటీ, ఇది నాకు తెలుసు" అని మెట్లు చదవకుండా దాటేసి, ఖాళీల్లో తప్పులు రాశాడు. తెలిసినవాడికి ఆ మెట్లు సాయం కావు, అడ్డం. ఇది కూడా పరిశోధనల్లో ఉన్న సంగతే. వాణ్ని నేరుగా కలిపిన షీటు మీదికి పంపించాను.

ఇక ఆ షీటు సంగతి. వారానికి మూడు, ఒక్కోదాంట్లో పది లెక్కలు. మూడు ఈ వారంవి, నాలుగు వారం కిందటివి, మిగతా మూడూ మూడు వారాల కిందటివి. పరీక్ష ఎంత దూరముంటే మళ్లీ చూసే ఎడం అంత పెంచాలని 2008లో సెపెడా బృందం తేల్చింది. మా ప్రీబోర్డు జనవరిలో, అందుకని మూడు వారాల దాకా వెళ్లాను. లెక్క చెయ్యకముందే పక్కన ఒక వాక్యం రాయాలి: ఏ దారి, ఏ మాట చూసి.

సెప్టెంబరు షీట్లలో ఒకదాంట్లో ఈ మూడూ ఉన్నాయి. ఒకటి: రెండు సంఖ్యల మొత్తం 25, తేడా 1. రెండు: రెండు సంఖ్యల మొత్తం 25, లబ్ధం 156. మూడు: హాల్లో మొదటి వరసలో 12 కుర్చీలు, తర్వాత ప్రతి వరసలో 2 ఎక్కువ, మొత్తం 210 కుర్చీలైతే వరసలెన్ని?

మొదటి రెంటికీ జవాబు 13, 12. కావాలనే అలా పెట్టాను. మొదటిదాంట్లో కూడికతోనే 2x = 26 వచ్చేస్తుంది. రెండోదాంట్లో "లబ్ధం" అన్న మాట వల్ల x(25 − x) = 156, అంటే x² − 25x + 156 = 0 అవుతుంది. బుజ్జి మొదటిసారి రెండింటికీ "లీనియర్, మొత్తం ఇచ్చారు కాబట్టి" అని రాసింది. తప్పే, కానీ పనికొచ్చే తప్పు. ఏ మాట మీద కన్ను పడుతోందో నాకు కనిపించింది. మూడోదాన్ని "ఏపీ" అని సరిగ్గానే గుర్తుపట్టి, మొత్తం కనుక్కునే సూత్రంలో వేసి, n² + 11n − 210 = 0 దగ్గర ఆగిపోయింది. "పిన్నీ, ఇది క్వాడ్రాటిక్ అయిపోయిందేంటి?" అని నిజంగా కంగారుపడింది. 10 గానీ −21 గానీ వచ్చాక, వరసలు మైనస్ ఇరవై ఒకటి ఉండవు కదా అని తనే నవ్వింది.

పోతే, మార్కులు పడిపోయాయి. పదికి నాలుగు, ఐదు. ఇలా ఐదు వారాలు. అక్క ఫోన్: "ఏమే, నీ దగ్గరికి పంపిస్తే మార్కులు పెరగాల గదా, తగ్గుతాండాయేమే?" దీనికి నా దగ్గర ఒకటే జవాబుండేది, ఒక నోటుబుక్కు. ఈ వారం లెక్కల్లో ఎన్ని వచ్చాయో నేను లెక్కపెట్టలేదు, మూడు వారాల కిందటి లెక్కల్లో ఎన్ని వచ్చాయో, పక్కన రాసిన వాక్యం సరైనదో కాదో, అవే రాసుకున్నాను. వాక్యం సరైనదై, జవాబు తప్పితే అది గుణకారంలో జారడం. వాక్యమే తప్పితే మళ్లీ చేసిన లెక్క చూపించాలి. అక్టోబరు చివరికి వాక్యాలు పదికి ఎనిమిది సరిగ్గా ఉన్నాయి, జవాబులు ఆరు దగ్గరే ఉన్నాయి. అక్కకి ఆ ఆరే వినిపించింది.

అన్నిటికీ ఇదే మందు అనుకుని ఒకసారి సాంఘిక శాస్త్రం, కన్నడం, లెక్కలు అరగంట అరగంటగా కలిపి ఇచ్చాను. దానివల్ల ఏమీ ఒరగలేదు. ఒకదానితో ఒకటి పొరబడే లెక్కల్ని పక్కపక్కన పెట్టినప్పుడే తేడా కనిపిస్తుంది. కన్నడం మాటల్ని చరిత్రతో ఎవరూ పొరబడరు. వాటికి రోజు విడిచి రోజు పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడమే సరిపోయింది.

జనవరి ప్రీబోర్డులో ఎనభైకి అరవై ఒకటి వచ్చాయి. పేపరు పక్క మార్జిన్లో పెన్సిల్‌తో చిన్నగా "లబ్ధం", "తేడా" అని రాసి, కొట్టేసిన గుర్తులున్నాయి.

స్కూలుకు ఇవ్వాల్సిన సలహాల కాగితం చివరికి ఇవ్వనే లేదు. "ఎడం ఇచ్చి చదవండి" అని రాస్తే ఏ పిల్లాడూ ఎడం ఇవ్వడని బుజ్జి దగ్గరే తెలిసింది. బదులుగా కలిపిన షీట్లు నాలుగు ఇచ్చాను, ఎడం అందులోనే ఉందని చెప్పాను. వాళ్లు చక్కగా ప్రింటు వేయించారు. పంచబోయే ముందు చూస్తే, పిల్లలకు సులువుగా ఉంటుందని ప్రతి లెక్క పక్కనా ఎవరో పాఠం పేరు వేయించి ఉన్నారు. ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో నలభై కాపీలు, ఒక వైట్‌నర్ ముందేసుకుని కూర్చున్నాను.