మరిగే నీటి నుంచి తీసిన ఇనుప దిమ్మ

మన ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో నేను చేసిన ప్రయోగాలన్నింటిలో ఇప్పటికీ వివరంగా గుర్తున్నది ఒక్కటే. అది వేడి ఇనుప దిమ్మను చన్నీటిలో వేసి చివరి ఉష్ణోగ్రతను కొలవడం. పాఠశాలలో కొన్న కెలోరీమీటరుకు పై పెట్టె లేకపోవడంతో, ఆ రాగి పాత్రను మాస్టారు ఒక చెక్కపెట్టెలో ఉంచి, చుట్టూ మన కోనసీమలో కొదవలేని కొబ్బరి పీచును దట్టంగా కూర్పించారు. పీచు పోగుల మధ్య చిక్కుకున్న గాలి కదలదు కాబట్టి వేడి పాత్ర గోడల గుండా త్వరగా బయటికి పోదు.

పాత్రలో 28 డిగ్రీల నీరు 300 గ్రాములు ఉంది. దారం కట్టిన 200 గ్రాముల ఇనుప దిమ్మ మరుగుతున్న నీటిలో పది నిమిషాలకు పైగా వేలాడుతోంది. సముద్ర మట్టానికి ఇంత దగ్గరగా ఉన్న మన ప్రాంతంలో నీరు ఇంచుమించు 100 డిగ్రీల వద్దే మరుగుతుంది కనుక, దిమ్మ ఉష్ణోగ్రతను వేరే కొలవవలసిన పని లేదు. దిమ్మను వేసే ముందు మాస్టారు చివరి ఉష్ణోగ్రత ఎంత ఉంటుందో చెప్పమన్నారు. 100కు, 28కి సగటు తీసి చాలామంది 64 అన్నారు. బరువులను కూడా లెక్కలోకి తీసుకున్న ఒకరిద్దరు 57 దగ్గర ఆగారు. దిమ్మ నీటిలో పడింది, కలిపే కమ్మీ పైకీ కిందికీ ఆడింది, థర్మామీటరులో పాదరసం 33 దగ్గర నిలిచిపోయింది.

అప్పుడు మాస్టారు సూత్రాన్ని నల్లబల్లపై రాయకుండా, ఇనుమును నీరుగా మార్చి చూపించారు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 1 కెలోరీ కావాలి, ఒక గ్రాము ఇనుముకు సుమారు 0.11 కెలోరీ చాలు. కాబట్టి 200 గ్రాముల ఇనుము వేడిని ఇచ్చిపుచ్చుకునే విషయంలో 22 గ్రాముల నీటితో సమానం. దీన్నే ఆ దిమ్మ జలతుల్యాంకం అంటారు. ఇక మిగిలింది 100 డిగ్రీల నీరు 22 గ్రాములను 28 డిగ్రీల నీరు 300 గ్రాములతో కలిపినట్టు లెక్క వేయడమే:

T = (22 × 100 + 300 × 28) ÷ (22 + 300) = 10600 ÷ 322 ≈ 32.9

సరిచూసుకోవడానికి రెండు వైపులా లెక్క వేయించారు. ఇనుము 67.1 డిగ్రీలు చల్లబడి కోల్పోయినదీ, నీరు 4.9 డిగ్రీలు వేడెక్కి పొందినదీ దాదాపు 1475 కెలోరీలే. అదే బరువున్న అల్యూమినియం దిమ్మను వేస్తే, దాని జలతుల్యాంకం 43 కాబట్టి చివరి ఉష్ణోగ్రత 37కు చేరేది.

రాగి పాత్ర కూడా కొంత వేడిని తీసుకుంటుంది. 100 గ్రాముల పాత్ర సుమారు 9 గ్రాముల నీటితో సమానం కనుక, దాన్ని కలుపుకుంటే జవాబు 32.8 అవుతుంది. డిగ్రీ గీతలున్న థర్మామీటరు ఈ తేడాను చూపలేదు. అంతకంటే పెద్ద తేడా తడి వల్ల వస్తుంది. దిమ్మకు అంటుకుని 2 గ్రాముల మరిగే నీరు పాత్రలోకి వస్తే, ఇనుమంత చవకగా చల్లబడని ఆ రెండు గ్రాములు ఉష్ణోగ్రతను దాదాపు 0.4 డిగ్రీ పెంచుతాయి. తుడుస్తూ ఆలస్యం చేస్తే దిమ్మ గాలిలోనే చల్లబడుతుంది. అందుకే మాస్టారు దిమ్మను ఒక్కసారి విదిలించి వెంటనే వేయమనేవారు. అది సరైన రాజీ అని ఇప్పటికీ నా అభిప్రాయం. నీటిని కుండలోంచే ఎందుకు తెప్పించేవారో మాత్రం కాలేజీలో చేరాకే తెలిసింది. మొదట గది కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉన్న నీరు పరిసరాల నుంచి కాస్త వేడిని తీసుకుంటుంది, గదిని దాటి వేడెక్కాక కాస్త వదులుతుంది, ఆ రెండూ చాలావరకు చెల్లుకు చెల్లు అవుతాయి.

ఈ లెక్కకు ఒక హద్దు ఉంది. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చిన కొడవలిని తొట్టిలో ముంచినప్పుడు బుస్సుమని ఆవిరి లేస్తుంది. మన దిమ్మనే 700 డిగ్రీలకు కాల్చి వేస్తే సూత్రం 74 డిగ్రీలు అంటుంది. కానీ ఆవిరై బయటికి పోయే ప్రతి గ్రాము నీరూ, మరిగే స్థాయికి చేరడానికి పట్టిన వేడి కాక, మరో 540 కెలోరీలను వెంట తీసుకుపోతుంది. ఐదు గ్రాములు అలా పోతే చివరి ఉష్ణోగ్రత 65 దగ్గరికి పడిపోతుంది. పైగా అంత వేడిలో ఇనుము విశిష్టోష్ణం 0.11 కంటే బాగా ఎక్కువ. ఆవిరి నష్టం జరిగిందో లేదో తెలుసుకోవాలంటే ప్రయోగం ముగిశాక పాత్రను దిమ్మతో సహా మళ్లీ తూచాలి. ముందు తూచిన బరువుల మొత్తం కంటే ఎంత తగ్గితే అంత నీరు ఆవిరైనట్టు.