రెండు పలకలని టిక్ పెట్టి ఫెయిలయ్యా: ఐటీఐ కార్పెంటర్ ట్రేడ్ అనుభవం

నిన్న రిజల్ట్ వచ్చింది, పాసయ్యాను. సిలబస్ మీకూ తెలుసు, దాని జోలికి పోను. పోయినసారి నన్ను ముంచిన లెక్క ఒక్కటే చెబుతా.

2400 × 230 × 65 మి.మీ. కోత పలకలున్నాయి. గడప లేని ద్వారబంధానికి 2100 మి.మీ. నిలువులు రెండు, 1000 మి.మీ. పై అడ్డం ఒకటి కావాలి. చిత్రిక పట్టాక వాటి సైజు 100 × 60. ఇవి కాక అరలకు 900 × 200 × 25 చెక్కలు ఆరు. అతుకు పెట్టకూడదు. ఎన్ని పలకలు?

నేను ఘనపరిమాణం కట్టాను. ద్వారబంధానికి 0.0312, అరలకు 0.027, మొత్తం 0.0582 ఘనపు మీటర్లు. ఒక్కో పలక 0.0359. భాగిస్తే 1.62. పది శాతం వేస్టేజీ కలిపినా 1.78. రెండు పలకలని ధీమాగా టిక్ పెట్టాను. కొద్ది మార్కుల్లో పోయింది. టైమ్ చాల్లేదని ఇంట్లో చెప్పాను కానీ అది నిజం కాదు.

సెలవుల్లో మా బాబాయి దగ్గర పనికెళ్లినప్పుడు ఈ లెక్క చూపించాను. ఆయన చాక్‌పీసు నా చేతికిచ్చి, "కలపేమన్నా ఇత్తడా, కరిగించి పోత పోయడానికి? నీ రెండు పలకల మీద ముక్కలన్నీ గీసి చూపించరా" అన్నాడు.

గీశాను. చిత్రికకు 5, రంపం కోతకు 3 మి.మీ. వదలమన్నాడు. మొదటి పలకను నిలువునా చీలిస్తే 105, 105, మధ్యలో కోత 3, మొత్తం 213. రెండు నిలువులూ వచ్చాయి. చివర మిగిలిన 300 మి.మీ. ముక్క దేనికీ చాలదు. రెండో పలకలో పై అడ్డం పోగా ఒక్క 900 ముక్కే వచ్చింది. దాన్ని మందంలో చీల్చాలి. 65లో కోతకు 3 పోతే ఒక్కోటి 31, చిత్రిక పట్టి 25కు దించొచ్చు. అంటే ఆ ముక్కకు రెండు అరలు. తర్వాత మిగిలింది అర మీటరు కూడా లేదు. నా రెండు పలకలూ అయిపోయాయి, ఇంకా నాలుగు అరలు బాకీ. మూడో పలకలో రెండు 900 ముక్కలు పడితే అవి తీరాయి.

జవాబు మూడు. ఘనపరిమాణం కలప ధర కట్టడానికి పనికొస్తుంది, పలకలు లెక్కపెట్టడానికి కాదు. ఆ తర్వాత నేను చేసిన ప్రతి లెక్కలో ముందు పొడవైన ముక్కలే గీశాను. చిన్నవి ముందు సర్దితే 2100 పట్టే పలకే మిగలదు, రెండుసార్లు అలా దెబ్బతిన్నాను.

అతుకు ఒప్పుకుంటే మాత్రం పై అడ్డం పక్కన మిగిలే 122 మి.మీ. పట్టీని మందంలో రెండుగా చీల్చి, అంచులు కలిపి ఇంకో అర తీయొచ్చు. ప్రశ్నలో ఆ మాట ఉందో లేదో చూసుకోండి. నేను పోయినసారి ఆ లైనే చదవలేదు.