అర చెంచా, ఆరు చెంచాలు

తొమ్మిదో తరగతిలో ఉండగా ఆగస్టు 15 వక్తృత్వ పోటీకి నా పేరు ఇచ్చారు. విషయం గ్రంథాలయాలు. నాలుగు పేజీల వ్యాసం రాసుకుని, కామాలతో సహా బట్టీ పట్టాను. ముందురోజు మా తెలుగు మాస్టారు ఒకసారి విందాం అని నన్ను తరగతి ముందు నిలబెట్టారు. పిల్లలందరినీ కళ్ళు మూసుకోమన్నారు. నేను గుక్క తిప్పుకోకుండా సాగిపోతున్నాను. మధ్యలో బల్ల మీద చరిచి, "ఆగు. వెనక బెంచీ, వీడు ఇప్పుడు ఎక్కడున్నాడ్రా?" అన్నారు.

ఎవరూ పలకలేదు. చివరికి ఒకడు లేచి, "గ్రంథాలయంలో సార్" అన్నాడు. తరగతంతా గొల్లుమంది. మా బడి 1976 బ్యాచి వాళ్ళు కొందరు నన్ను ఇప్పటికీ "గ్రంథాలయంలో" అని పిలవడానికి కారణం అదే. కొత్త బ్యాచిల వాళ్ళకి తెలియదు కాబట్టి చెబుతున్నాను.

మాస్టారు నవ్వలేదు. "మీ ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేస్తారా?" అని అడిగారు. చేస్తారన్నాను. "పంతులుగారు ముందు గదిలో కథ చదువుతుంటే మీ అమ్మ వంటింట్లో ప్రసాదం కలుపుతుంటుంది. కథ ఎక్కడిదాకా వచ్చిందో ఆవిడకెలా తెలుస్తుంది?"

"కొబ్బరికాయ కొడతారు సార్. అధ్యాయం అయినప్పుడల్లా."

"ఎన్ని కొడతారు?"

"అయిదు."

"అయిదని ఆవిడకి ముందే తెలుసు. మూడో కాయ పగిలిన చప్పుడు వినగానే ఇంకా రెండున్నాయి, పొయ్యి తగ్గించొచ్చు అనుకుంటుంది. నీ ఉపన్యాసంలో కొబ్బరికాయలేవిరా?"

ఆ సాయంత్రం నా నాలుగు పేజీలు ఆయన చేతిలో ఒకటిన్నర అయ్యాయి. "పైన పేర్కొన్నట్లు" అన్నచోట కొట్టేసి, "పైనంటే ఎక్కడ? కప్పు మీదా?" అన్నారు. "ఈ క్రింది విధంగా" కూడా పోయింది. కాగితానికి పైనా కిందా ఉంటాయి, మాటకి ఉండవు. వినేవాడికి ఉన్నదల్లా ఇప్పుడు చెవిలో పడుతున్న మాటా, దానికి ముందు విన్నదాంట్లో గుర్తున్న నాలుగు ముక్కలూను.

వాటి బదులు ఆయన రాయించినవి చాలా మామూలు మాటలు. మొదట్లోనే "మూడు సంగతులు చెబుతాను" అనాలి. ఒకటి ముగిశాక "ఇదీ పుస్తకాల సంగతి. ఇక రెండోది, చదివేవాళ్ళ సంగతి" అనాలి. అయిపోయినదాని పేరూ మొదలవబోయేదాని పేరూ పక్కపక్కనే పలకాలన్నమాట. ఉత్త "ఇకపోతే" చాలదన్నారు. "ఇకపోతే అంటే ఏదో పోయిందని తెలుస్తుంది, ఏం పోయిందో తెలియదు."

నాకొక అనుమానం వచ్చింది. అంతకుముందు పరీక్షలో ఇదే మాస్టారు నా వ్యాసం మీద ఎర్రసిరాతో "పునరుక్తి" అని రాసి రెండు మార్కులు కోశారు. ఇప్పుడేమో అన్నమాటే మళ్ళీ అనమంటున్నారు. అడిగేశాను. ఆయన బుర్రకథ చూశావా అన్నారు. మాది గుంటూరు జిల్లా, చూడకుండా ఎలా ఉంటాను? కథకుడు నాలుగు చరణాలు లాగించగానే పక్కనున్న హాస్యం అడ్డం పడి, "అయితే గురూ, కోటలో ఉన్నది రాజా, మంత్రా?" అని తెలివితక్కువ ప్రశ్న వేస్తాడు. కథకుడు విసుక్కుంటూ "రాజు కోటలోనే ఉన్నాడోయ్, మంత్రి ఊరు దాటాడు" అని మళ్ళీ చెబుతాడు. జనం నవ్వుతారు. ఆ నవ్వులోనే, నిద్ర లేచిన పిల్లాడికీ బీడీకని పక్కకెళ్ళొచ్చిన ముసలాయనకీ కథ అందుతుంది. అదే కథ అచ్చేస్తే ఆ ప్రశ్న తీసెయ్యొచ్చు. పందిట్లో తీసేస్తే సగంమంది వెనకబడతారు.

పోటీలో నాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది పాటలాగా చెప్పిన అమ్మాయికి ఇచ్చారు, న్యాయమే.

ఇదంతా నాకు పనికొచ్చింది తొమ్మిదేళ్ళ తర్వాత, ఆరోగ్య కార్యకర్తగా ఊళ్ళు తిరిగేటప్పుడు. వర్షాకాలం, పిల్లలకి విరేచనాలు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు అందని చోట ఇంట్లోనే ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు పట్టించమని తల్లులకి చెప్పాలి. లెక్క అందరికీ తెలిసిందే: కాచి చల్లార్చిన లీటరు నీళ్ళకి, తలగొట్టిన టీ చెంచాతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. మాకిచ్చిన కాగితంలో ఒకే వాక్యంగా ఉండేది. మాస్టారి పాఠం మరిచిపోయి నేను దాన్నే చదివాను: "ఒక లీటరు నీటిలో చక్కెర, ఉప్పు వరుసగా ఆరు, అర చెంచాల చొప్పున కలిపి, బాగా కరిగిన తరువాత, విరేచనం అయిన ప్రతిసారీ, వాంతి అయినచో పది నిమిషములు ఆగి, కొద్దికొద్దిగా త్రాగించవలెను."

చెప్పి "అర్థమైందా అమ్మా?" అన్నాను. అందరూ అయిందన్నారు. ఆ ప్రశ్నకి అయిందనే అంటారు, కాలేదని ఎవరంటారు? అదృష్టం కొద్దీ సామాన్లు నా దగ్గరే ఉన్నాయి. ముందు కూర్చున్న ఒకావిడని కలిపి చూపించమన్నాను. ఆవిడ నీళ్ళు పోసింది. ఉప్పు డబ్బా తీసింది. ఒకటి, రెండు, మూడు... నాలుగో చెంచాకి నేను చెయ్యి పట్టుకున్నాను. చక్కెర ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి, ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డ ప్రాణం మీదికే రావచ్చు. ఆవిడ మాత్రం నొచ్చుకుంది. "నువ్వేగా బాబూ ఆరన్నావు?"

తప్పు ఆవిడది కాదు. ఇంటికొచ్చి ఆ వాక్యాన్ని మాస్టారి కళ్ళతో చూశాను. మొదటి దోషం "వరుసగా". రెండు వస్తువుల పేర్లు ముందు, రెండు కొలతలు వెనక. దేనికేదో కలుపుకోవడానికి కన్ను వెనక్కి పోగలదు, చెవి పోలేదు. రెండోది మన భాష తీరు. క్రియ చివర వస్తుంది కాబట్టి కలిపి, కరిగి, ఆగి అంటూ పనులన్నీ మూటగట్టి "త్రాగించవలెను" దాకా మోయించాను. ఈ నీళ్ళు ఎందుకో తెలిసేసరికి కొలత జారిపోయింది. మూడోది మాత్రం నాకు అంతకుముందు తట్టనేలేదు. అర, ఆరు. ఏడుస్తున్న పిల్లల మధ్య, మేకల అరుపుల మధ్య, ఈ రెండు మాటలూ ఒకటే. పన్నెండు రెట్ల తేడాని ఒక దీర్ఘం మీదా ఒక కొమ్ము మీదా నిలబెట్టాను.

వారం తర్వాత పక్క ఊళ్ళో మార్చి చెప్పాను. "అర" అన్న మాట పూర్తిగా మానేశాను, "సగం" అన్నాను. చెప్పినది ఇంచుమించు ఇలా ఉంటుంది:

"అమ్మా, బిడ్డకి విరేచనాలైతే ఏ నీళ్ళు పట్టాలో చెబుతాను. మూడే వస్తువులు. నీళ్ళు, చక్కెర, ఉప్పు. మొదటిది నీళ్ళు. ఈ చెంబుడు, లీటరు. కాచి చల్లార్చినవి. నీళ్ళయ్యాయి. రెండోది చక్కెర. చక్కెర ఆరు చెంచాలు. నాతో లెక్కపెట్టండి, ఒకటి, రెండు... ఆరు. చక్కెర అయింది. మూడోది, ఆఖరిది, ఉప్పు. ఉప్పు సగం చెంచా. చెంచా నిండా కాదు, సగం. ఉప్పు అయింది. మళ్ళీ చెబుతున్నా: నీళ్ళు చెంబుడు, చక్కెర ఆరు, ఉప్పు సగం."

కాగితం మీద చూస్తే ఇది చిన్నపిల్లల వాచకంలా ఉంది, నాకు తెలుసు. అప్పటి మా పై అధికారి ఒకాయన "అన్నదే అంటావేమిటయ్యా" అని విసుక్కున్నాడు కూడా. కానీ ఆ మళ్ళీ చెప్పడానికి ఒక పద్ధతుంది. మూడు కొలతలే మూడుసార్లు వస్తాయి. కాచడం, చల్లార్చడం ఒక్కసారే. అన్నీ మళ్ళీ చెబితే ఏది పట్టుకోవాలో తెలియక జనం ఏదీ పట్టుకోరు. రేడియో వార్తల్లో చివర "ముఖ్యాంశాలు మరోసారి" అంటారు గాని, వార్తలన్నీ మరోసారి చదవరు కదా.

మళ్ళీ చెప్పేటప్పుడు మాట మార్చకూడదు. ఒకచోట నేను సొగసుకి పోయి మొదట "చక్కెర" అని, తర్వాత "పంచదార" అన్నాను. పంచదార నాలుగో వస్తువనుకుని ఒకామె, "అదెన్ని చెంచాలు?" అని అడిగింది. వ్యాసంలో పర్యాయపదం అలంకారం, ఇక్కడ అది కొత్త సరుకు. ఆ ఊళ్ళో వాళ్ళు పంచదార అంటే మొదటినుంచి చివరిదాకా పంచదారే. వరస కూడా అంతే. ఎప్పుడూ నీళ్ళు, చక్కెర, ఉప్పు. తొందరలో ఒకసారి ఉప్పు ముందు చెప్పాను, నాతో కలిసి పలుకుతున్న గొంతులు అక్కడే తడబడ్డాయి.

మూడన్నాక నాలుగోది రాకూడదు. "ఇంకో ముఖ్యమైన సంగతి మరిచిపోయాను" అన్నానంటే, మూడో కాయ పగిలిందని చెంగు దులుపుకుని లేచినవాళ్ళు మళ్ళీ కూర్చోరు. అందుకని తల్లిపాలు ఆపొద్దని, కళ్ళు గుంటలు పడ్డా, బిడ్డ తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడ్డా వెంటనే ఆసుపత్రికి రమ్మని చెప్పడానికి వేరే కాయ కొట్టేవాణ్ణి: "కలపడం అయింది. ఇక ఆసుపత్రికి ఎప్పుడు రావాలో చెబుతా." ఒక లెక్కలో ఇంకో లెక్క పెట్టలేదు. మూడోదాంట్లో రెండోది అంటే నాకే గుర్తుండదు.

ఈ పద్ధతి అన్నిచోట్లా నప్పదు. తర్వాతి రోజుల్లో శిక్షణ తరగతుల్లో, చేతిలో కాగితాలున్న నర్సుల ముందు ఇలాగే చెబితే పది నిమిషాల్లో ఆవలింతలు. వాళ్ళు ముందుపేజీ చూసుకోగలరు. అక్కడ "రెండో పేజీ చూడండి" అంటే చాలు.

అర్థమైందా అని అడగడం మాత్రం అన్నిచోట్లా మానేశాను. మధ్యలో ఆగి, వెనక కూర్చున్నవాళ్ళని "ఎక్కడున్నాం అమ్మా?" అని అడిగేవాణ్ణి. "చక్కెర అయింది, ఉప్పు కాడ ఉన్నాం" అంటే ముందుకి. మౌనంగా ఉంటే తప్పు నాది, వెనక్కి.

ఒకసారి చెప్పడం ముగించి సంచి సర్దుకుంటున్నాను. ఆలస్యంగా వచ్చిన ఒక కోడలుపిల్ల గుమ్మం దగ్గర అత్తని అడుగుతోంది, ఏం చెప్పాడని. ఆ అత్త చేత్తో చాట ఆపకుండానే అంది: "మూడే. నీళ్ళు చెంబుడు, చక్కెర ఆరు, ఉప్పు సగం." రెండు క్షణాలాగి, నేను చెప్పనిది తనే కలిపింది. "ఉప్పు ఆరు కాదే. సగం."